ఇవి గూడ కావాలె

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ఒకప్పుడు పత్తి నిలవ చేసిన రేకుల షెడ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఇప్పుడు పత్తి లేదు. నేల నుంచి పైకప్పు దాకా నోటుబుక్కులు, అట్టలు, పెన్నులు, జామెట్రీ బాక్సులు, చార్టులు ఉన్నాయి. ఫోన్లో నొక్కితే ఊళ్లోకి పంపించే స్టేషనరీ కంపెనీ అది. పేరు చెప్పను, చెబితే ప్రచారం చేస్తున్నానంటారు. యజమాని సతీశ్, ముప్పై ఆరేళ్ల మనిషి. మాట నెమ్మది, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఆ షెడ్డులో నాలుగేళ్లు నిలబడి డబ్బాలు కట్టిన మల్లిక గురించి ఇది.

మల్లికది దేవరకొండ పక్క పల్లె. తండ్రి బెంజమిన్ తాపీమేస్త్రీ. తల్లి జంగమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వాళ్ల తాతల కాలంలో గుంట భూమి లేని ఇల్లు అది. ఇప్పుడూ భూమి లేదు గానీ డిగ్రీ ఉంది. మల్లిక దేవరకొండలో బీఏ తెలుగు చదివింది, మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులు చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వలేదు. నల్లగొండ వచ్చి కిరాయికి గది తీసుకొని ఈ షెడ్డులో చేరింది. పని ఏమిటయ్యా అంటే, ఆర్డర్ చిట్టీ చూసుకొని సరుకు ఏరడం, డబ్బాలో పేర్చడం, టేపు వెయ్యడం. పొద్దున తొమ్మిదింటికి నిలబడితే సాయంత్రం ఆరింటికి కూర్చోవడం. కాళ్లు పీకేవి. చదివిన పద్యాలు మనసులో నెమరేసుకుంటూ టేపు లాగేది. పక్కవాళ్లు దీనికి పిచ్చా అని నవ్వుకునేవారు.

ఆ షెడ్డులోనే ఒక మూల అద్దాల గది ఉంది. అందులో నాలుగు కుర్చీలు, నాలుగు కంప్యూటర్లు, ఒక కూలర్. మల్లికకు కావలసింది ఆ గదిలో ఒక కుర్చీ. కూలర్ కోసం కాదు, కాళ్ల కోసం కూడా కాదు. రాసే పని అక్కడ ఉంది గనక. వెబ్‌సైటులో తెలుగు మాటలు రాసే పని.

అవకాశం ఎట్లా వచ్చిందో చెప్తాను. ఆర్డర్ పెట్టగానే కొన్నవాళ్ల ఫోన్లో ఒక పేజీ వస్తుంది గదా, మీ ఆర్డర్ అందింది, నంబరు ఇది, ఫలానా రోజు వస్తుంది అని. ఈ వ్యాపారంలో దాన్ని థాంక్యూ పేజీ అంటారు. ఆ పేజీ కింది సగం ఊరికే ఉండదు. అక్కడ రెండు రకాల ఎరలు వేస్తారు. నూరు పేజీల పుస్తకం కొన్నావా, ఇంకొంచెం పెట్టుకో, రెండు వందల పేజీలది తీసుకో అనడం ఒకటి, దాన్ని అప్‌సెల్ అంటారు. నోటుబుక్కులు కొన్నావు గదా, అట్టలు వేసుకునే కాగితం, పేర్లు రాసే చీటీలు కూడా తీసుకో అనడం రెండోది, అది క్రాస్‌సెల్. కొనక ముందు ఇవన్నీ చూపిస్తే మనిషి తికమకపడి అసలు బేరమే వదిలేసి పోతాడు. కొన్న తర్వాత చూపిస్తే ఆ భయం లేదు, ఆర్డర్ ఎట్లాగూ చేతిలో పడింది. పైగా ఆర్డర్ వచ్చిన అరగంట దాకా చిట్టీ అచ్చు వెయ్యరు. ఆ అరగంటలో ఏది జత చేసినా అదే డబ్బాలో పోతుంది, కొరియర్‌కు ఇంకో ఖర్చు లేదు. అందుకే సతీశ్‌కు ఆ పేజీ మీద అంత ప్రేమ.

కానీ తెలుగు పేజీ చూసినవాళ్లలో నూటికి నలుగురు కూడా ‘జత చెయ్యి’ అనే బటన్ నొక్కేవాళ్లు కాదు. ఇంగ్లీషు పేజీలో పదిమంది నొక్కేవారు. కారణం ఏమిటా అని సతీశ్ తల పట్టుకున్నాడు. కారణం అక్కడే ఉంది. ఆ బొమ్మల పైన “మీరు వీటిని కూడా ఇష్టపడవచ్చు” అని రాసి ఉంది. హైదరాబాద్‌లో ఎవరో డబ్బు తీసుకొని ఇంగ్లీషులోంచి దించిన తెలుగు. ఒకరోజు ఆలేరు నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేశాడు. ఆ రోజు ఫోన్ ఎత్తింది మల్లికే. స్టేప్లర్ పిన్నుల డబ్బాను నేనెందుకు ఇష్టపడాలమ్మా, నాకు పెళ్లయి ముప్పై ఏండ్లయింది అని ఆయన అడిగాడు. మల్లిక నవ్వాపుకోలేక ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. అద్దాల గదిలోకి పోయి ఈ మాట మార్చాలని సతీశ్‌కు చెప్పింది.

సతీశ్ ఆమెను ఎగాదిగా చూసి, మారిస్తే ఏం రాస్తావ్ అని అడిగాడు. మల్లిక ఆలోచించను కూడా లేదు. మన దుకాణంలో ఎట్లంటరో గట్లనే రాస్త సార్ అంది. ఆయనకు ఆ జవాబు నచ్చింది. ఒక షరతు పెట్టాడు. ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరు దాకా మూడు నెలలు అద్దాల గదిలో కూర్చో. తెలుగు పేజీలో నూటికి పదిమంది బటన్ నొక్కేటట్టు చెయ్యి. జూన్ ఆఖరుకు పది ఉంటే ఆ కుర్చీ నీదే, పర్మినెంట్. లేకుంటే మళ్లీ ప్యాకింగ్ బల్ల. మల్లిక సరేనంది. ఆ రాత్రి సంతోషంతో ఆమెకు అన్నం సయించలేదు.

తొలి నెల సరంజామాతోనే సరిపోయింది. ఏ సరుకు కొన్నవాళ్లకు ఏ సరుకు చూపించాలో ఒక పట్టిక ఉంటుంది. అది తప్పుల తడక. ఫెవికాల్ కొన్నవాళ్లకు ఇంకో ఫెవికాల్ చూపించేది. బుట్టలో ఉన్నదే మళ్లీ చూపిస్తే జనం నవ్వరా మరి. మల్లిక కూర్చొని ఒక్కొక్క వరుసా దిద్దింది. రికార్డు పుస్తకం కొంటే గీతల్లేని తెల్ల కాగితాలు. గ్రాఫు పుస్తకం కొంటే గట్టి పెన్సిల్, రబ్బరు. సరుకు అయిపోయినవి చూపించొద్దు. అసలు వెబ్‌సైటు నడిపేది రిత్విక్ అనే కుర్రాడు, హైదరాబాద్‌లో ఉండి పని చేస్తాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు, ఇంగ్లీషు బడి. అతను ఒక అమరిక పెట్టాడు. ఒకసారి జత చేసినవాళ్లకు వెంటనే రెండోది కనిపిస్తుంది. రెండోదీ జత చేస్తే మూడోది. మూడు దాటితే ఆగుతుంది. మల్లిక అందులో తప్పేమీ చూడలేదు. ఒక్కొక్కటే చూపిస్తే పేజీ శుభ్రంగా ఉంటుందనుకుంది.

తర్వాత ఆ మాట. మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఆమె పాత వాక్యాన్ని తీసేసి “ఇవి గూడ కావాలె” అని పెట్టింది. తను పుట్టి పెరిగిన భాష. దుకాణానికి పోయిన మనిషి వేళ్లు మడుస్తూ ఇది కావాలె, ఇది గూడ కావాలె అని గుర్తు తెచ్చుకుంటాడు గదా, ఆ మాటే. అచ్చులో మన మాట చూసుకొని ఆమె ఛాతీ పొంగింది. నిజమే మరి, ఎవరి మాట వాళ్లకు ముద్దు కాదా.

వారం తిరిగేసరికి నూటికి పన్నెండు. బళ్ల సీజన్ మొదలయ్యేసరికి పదిహేడు. జూన్ రెండో వారం, బళ్లు తెరిచిన రోజుల్లో, ఇరవై మూడు. రిత్విక్ లెక్క తప్పిందేమోనని రెండుసార్లు చూసుకున్నాడు. సతీశ్ షెడ్డంతటికీ స్వీట్లు పంచి, ఒక మాటకు ఇంత బలమున్నదా అని అందరి ముందూ మల్లికను మెచ్చుకున్నాడు. పర్మినెంట్ కాగితం తయారు చెయ్యమని ఆఫీసులో చెప్పాడు. మల్లిక ఆదివారం బస్సెక్కి ఊరికి పోయి, తండ్రి చేతిలో లడ్డూ పెట్టి, నాయినా నా కుర్చీ నాకొచ్చింది అంది. బెంజమిన్ ఆ లడ్డూ సగం తిని సగం దాచుకున్నాడు.

ఆ మరుసటి సోమవారం ఫోన్ వచ్చింది.

జూన్‌లో ఫోన్లు ఎక్కువ, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లెత్తాలి. అవతల ఒక ఆడమనిషి. పేరు బాలనర్సమ్మ, అచ్చంపేట అవతల ఒక పల్లె, కూలి పని. బిడ్డ ఆరో తరగతి. పుస్తకాలు కొనాలంటే అచ్చంపేట పోవాలి, పోతే ఒక రోజు కూలి పోతుంది. అందుకని ఫోన్లోనే పెట్టింది, సరుకు వచ్చాక డబ్బు ఇచ్చే పద్ధతిలో. తను ఐదు దాకా చదివింది, అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. ఇదంతా ఆమె ఒక్క గుక్కలో చెప్పింది. చెప్పి గొంతు తగ్గించింది.

“మేడం, నోటుబుక్కులు పెట్టిన. ఇవి గూడ కావాలె అని అట్టల కాగితం వచ్చింది, పెట్టిన. మల్ల జామెట్రీ డబ్బ వచ్చింది, అదీ పెట్టిన. ఇప్పుడు రంగు పెన్నులు అంటాండ్రు. గీ వారం నాతోని కాదు మేడం. పత్తి గింజలు పెట్టుడు అయినంక కూలి పైసలొస్తయి, అప్పుడు తెస్త. అందాక పిల్లను బయట నిలవెట్టకుండ్రి.”

మల్లికకు ముందు అర్థం కాలేదు. ఆమె తమను బడివాళ్లనుకుంటోందని కాసేపటికి తట్టింది. మేము బడివాళ్లం కాదమ్మా, పుస్తకాలు అమ్మేవాళ్లం, పెన్నులు తెమ్మని బడి అడగలేదు, మీకు ఇష్టమైతేనే కొనాలె అని మెల్లగా చెప్పింది. బాలనర్సమ్మ అంతా విని సరే మేడం అంది. ఆ సరే ఎట్లాంటిదో మల్లికకు తెలుసు. పెద్దవాళ్లు ఏం చెప్పినా తలూపి వచ్చేసే సరే అది. ఫోన్ పెట్టేముందు ఆమె ఇంకోసారి, పిల్ల గురించి సార్లకు జర చెప్పుండ్రి మేడం, అంది.

పొరపాటున ఎవరో ఒకరు అట్లా అనుకున్నారులే అని మల్లిక సర్దుకోబోయింది. సర్దుకోలేకపోయింది. రాత్రి ఊరికి ఫోన్ చేసి తల్లికి సంగతి చెప్పింది. జంగమ్మ వండి వార్చేది బడిలోనే, రోజూ అక్కడి మాటలే ఆమె చెవిన పడతాయి.

“మరి ఇంకేమనుకుంటరే?” అంది జంగమ్మ. “ఇవి కావాలె అని సార్లు బోర్డు మీద రాస్తరు. రాస్తే తేవాలె. తేకుంటె పిల్లను నిలవెడ్తరు. మనకు తెలుగుల రాసి వచ్చేది ఏముంటది, బడి నుంచొస్తది, ఆఫీసు నుంచొస్తది. రెండూ హుకుమే.”

మల్లిక నిర్ఘాంతపోయింది. తను దుకాణంలో నిలబడ్డ మనిషి నోటి మాట రాశాననుకుంది. కొనేవాడి నోట్లో ‘కావాలె’ అంటే అడగడం. అమ్మేవాడు రాసి పంపితే అదే మాట ఆజ్ఞ. బీఏ తెలుగు చదివి ఈ మాత్రం తట్టలేదు. తనమీద తనకు ఒళ్లు మండిపోయింది.

తెల్లారి ఆఫీసుకు పోగానే, గడచిన వారంలో తెలుగు పేజీలో రెండు మూడు వస్తువులు జత చేసినవాళ్ల జాబితా తీసి, పదిమందికి ఫోన్ చేసింది. సరుకు అందిందా అని అడిగే నెపంతో. ఒకాయన నిజంగానే అవసరమయ్యే తీసుకున్నానన్నాడు. ఒకావిడ బిడ్డ పోరు పెడితే నొక్కానంది. ఒకాయనకు తను నొక్కినట్టే గుర్తులేదు. మిగిలిన ఏడుగురూ బడి అడిగిందనే అనుకున్నారు. అందులో దేవరకొండ దిక్కు కాటమయ్య అనే ముసలాయన, మా మనవనికి ఇంక సగం సామానే కొన్న, సార్లు కోపం చేస్తాండ్రా అని ఎదురు ప్రశ్న వేశాడు. 

ఇంకో సంగతి కూడా ఆ జాబితాలోనే కనిపించింది. జత చేసినవాళ్ల డబ్బాలు చాలా గుమ్మం దాకా పోయి వాపసు వస్తున్నాయి. కారణం ఇది. మూడు వస్తువులు జతపడేసరికి ఇవ్వాల్సిన మొత్తం పెరుగుతుంది. కొరియర్ అబ్బాయి వచ్చి ఇంత అంటాడు. చేతిలో అంత ఉండదు. అందులో సగమే తీసుకుంటానంటే కుదరదు, డబ్బా మొత్తం తీసుకోవాలి, లేదా మొత్తం వదలాలి. పెన్నులతో పాటు నోటుబుక్కులు కూడా వెనక్కి వచ్చేవి. అంటే పిల్లకు అసలు పుస్తకాలే ఉండవు. ముందే ఫోన్లో డబ్బు కట్టేవాళ్లకు ఈ బాధ లేదు. వాళ్లు జత చెయ్యాలంటే మళ్లీ పిన్ నంబరు కొట్టాలి, ఆ కొట్టేలోపు ఒక ఆలోచన వస్తుంది. సరుకు వచ్చాక డబ్బు ఇచ్చే ఊళ్లవాళ్లకు ఒక్క నొక్కుడు చాలు, ఆలోచన గుమ్మం దగ్గర వస్తుంది.

ఆమె సతీశ్ దగ్గరికి పోయింది. బాలనర్సమ్మ గురించి, ఏడుగురి గురించి చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నాడు, అంతవరకు మంచివాడే. విని, నువ్వు రాసింది అబద్ధమా అని అడిగాడు. కాదంది. బడి పేరు ఎక్కడన్నా పెట్టినామా అన్నాడు. లేదంది. మరి జనం ఏమనుకుంటే మనమేం చేస్తాం, జూన్ ముప్పై దాకా ఆ మాట కదిలించకు, జూలైలో నీ ఇష్టం వచ్చింది రాసుకో, అన్నాడు. మిగతా ఏడాదంతా కలిపినా జూన్ అమ్మకానికి సాటి రాదని ఆమెకు తెలియదా అని కూడా అన్నాడు. వాపసు డబ్బాల సంగతి ఎత్తబోతే ఫోన్ మోగింది, ఆయన ఎత్తుకొని బయటికి పోయాడు.

మల్లిక తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. పర్మినెంట్ కాగితం మీద సంతకం ఒక్కటే బాకీ, అదీ జూన్ ముప్పైకి. ఇంకా పదిహేను రోజులు నోరు మూసుకొని ఉంటే చాలు. ఇరవై మూడు కాస్తా ఇరవైకి పడినా కుర్చీ కదలదు. ఆ పదిహేను రోజుల్లో ఎంతమంది బాలనర్సమ్మలు నొక్కుతారో వేళ్ల మీద వేసుకోబోయి మానేసింది. ఆమెకు భయం వేసింది. కుర్చీ పోతుందని కొంత, కుర్చీ కోసం తను ఊరుకుంటుందేమోనని ఎక్కువ.

మాటల పట్టిక ఆమె చేతిలోనే ఉంది. ఇంకొకరి అనుమతి అక్కర్లేదు. ఆ సాయంత్రం ‘కావాలె’ తీసేసి ‘కావాల్నా?’ అని పెట్టింది. ఇవి గూడ కావాల్నా? పక్కన ‘జత చెయ్యి’ బటన్ ఎంత ఉందో అంతే సైజులో ఇంకో బటన్ పెట్టమని రిత్విక్‌కు చెప్పింది. దాని మీద “చాలు” అని రాసింది. దుకాణదారు ఇంకేమన్నా కావాల్నా అంటే మనం అనే మాట అదే గదా. చాలు నొక్కితే ఇంకేమీ చూపించొద్దు, మీ ఆర్డర్ మొత్తం అందింది, ఇంకేం అక్కర్లేదు అని చెప్పాలి, అంది. రిత్విక్ పది నిమిషాల్లో చేసి పంపాడు. మాటలో ఏం మారిందో అతనికి అర్థం కాలేదు, ఒక అక్షరం తేడాలాగే కనిపించింది.

దొంగచాటుగా చేసే మనిషి కాదు మల్లిక. మార్చిన వెంటనే సతీశ్‌కు మెసేజ్ పెట్టింది. ఆయన చూశాడు. జవాబివ్వలేదు. పాత మాట పెట్టమని రిత్విక్‌కు చెప్పనూ లేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకు నెలాఖరున గానీ తెలియలేదు.

అంకె పడిపోయింది. ఇరవై మూడు పద్నాలుగైంది, పద్నాలుగు తొమ్మిదైంది. నెలాఖరుకు ఎనిమిది. పాత “ఇష్టపడవచ్చు” నాలుగుకు రెట్టింపు. కానీ షరతు పది.

జూన్ ముప్పైన సతీశ్ ఆమెను పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి వాపసు డబ్బాల పట్టిక. మాట మారినప్పటి నుంచి గుమ్మం దాకా పోయి తిరిగొచ్చే డబ్బాలు సగానికి పైగా తగ్గాయి. తిరిగొచ్చిన ప్రతి డబ్బాకు కొరియర్‌వాడికి పోను కిరాయి, రాను కిరాయి రెండూ కంపెనీయే కట్టాలి. ఆ పేజీలో ఇరవై మూడుమంది నొక్కిందాని కంటే ఎనిమిదిమంది నొక్కిందే కంపెనీకి మేలని తేలింది. రోజూ ఆ పట్టిక చూస్తూనే ఆయన పాత మాట పెట్టించకుండా ఊరుకున్నాడట. రెండో కాగితం ఆమె పర్మినెంట్‌ది, సంతకం లేనిది.

“మాట మంచిదే మల్లికా, అదే ఉంచుతున్న,” అన్నాడు సతీశ్. “కని షరతు షరతే. పది అన్న, ఎనిమిది తెచ్చినవ్. నేను కదిలించకు అన్న, నువ్వు కదిలించినవ్. రేపు ఇంకొకరు గిట్లనే చేస్తరు. నువ్వు బల్లకాడికి పో.”

ఆయన గొంతులో కోపం లేదు, అదే ఆమెకు కష్టంగా తోచింది. కోపం ఉంటే ఎదురు చెప్పేది. మాట మంచిదని ఒప్పుకొని, రాసిన మనిషిని లేపేస్తున్నారేంది సార్ అని అడగాలనిపించింది. అడగలేదు. అడిగితే ఏడుపొస్తుందని భయం. సరే సార్ అని లేచి వచ్చింది. ఎంతైనా ఎడ్డిది అని షెడ్డులో కొందరన్నారు. పదిహేను రోజులు ఓపిక పట్టలేకపోయింది, కుర్చీ ఎక్కాక మార్చుకుంటే ఎవరు వద్దన్నారు అన్నారు. అనేవాళ్లకేం, బాలనర్సమ్మ ఫోన్ ఎత్తింది వాళ్లు కాదు.

జూలై ఒకటిన మల్లిక మళ్లీ ప్యాకింగ్ బల్ల ముందు నిలబడింది. మూడు నెలల్లో కాళ్లు సుఖం మరిగాయి, తొలి రెండు రోజులు మరీ పీకాయి. చిట్టీలు వస్తున్నాయి. తెలుగు పేజీ చిట్టీల మీద జత చేసిన వస్తువు కింద చిన్న గీత ఉంటుంది. గీత ఉన్నవి తక్కువ వస్తున్నాయి. తండ్రికి మాత్రం ఇంకా చెప్పలేదు. లడ్డూ తినిపించిన నోటితో ఎట్లా చెప్తుంది.

జూలై రెండో వారంలో ఒక మధ్యాహ్నం అద్దాల గదిలోంచి ఎవరో ఫోన్ తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఎవరో అచ్చంపేట దిక్కు ఆమె, నీతోనే మాట్లాడాలంటోంది, నీ పేరు తెలియదట, బడి పెన్నుల సంగతి మొన్న మాట్లాడిన మేడం కావాలంటోంది అన్నారు.

బాలనర్సమ్మే. గొంతులో సంతోషం తెలుస్తోంది. పత్తి గింజలు పెట్టుడు అయిపోయిందట. కూలి పైసలు చేతికొచ్చాయట. మొదలు ఈ పనే పెట్టుకుందట. పిల్లను ఎవరూ నిలవెట్టలేదట, మేడం చెప్పబట్టే అంట.

“తెస్తనన్న గదా మేడం, మర్చిపోలే. రంగు పెన్నులు పంపుండ్రి.”

మల్లిక చేతిలోని టేపు బల్ల మీద పెట్టింది. చుట్టూ డబ్బాల చప్పుడు. అప్పుడు చెప్పిన మాటే మళ్లీ చెబితే మళ్లీ ఆ సరే మేడమే వస్తుందని ఆమెకు తెలుసు. అందుకని చెప్పడం మానేసింది.

“అమ్మా, నేను మేడంను కాదు. డబ్బాలు కట్టేదాన్ని. ఇవి గూడ కావాలె అని రాసింది నేనే. తప్పు రాసిన. బడి అడగలే, ఎవ్వలూ అడగలే. ఇప్పుడు నేను అడుగుతున్న. పెన్నులు నీకు కావాల్నా?”

 అవతల కోడి ఏదో అరిచింది. మనిషి ఉందా, పెట్టేసిందా అని మల్లిక చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

“నన్నా అడుగుతున్నవ్?” అంది బాలనర్సమ్మ.

“నిన్నే అమ్మా.”

“అట్లయితే చాలు బిడ్డా,” అంది ఆమె. “మొదలే అడిగితే మొదలే చెప్తుంటి.”

మల్లిక ఔనమ్మా అంది.  బాలనర్సమ్మ ఫోన్ పెట్టేసింది. బల్ల మీద అప్పటికే నాలుగు చిట్టీలు పోగుపడ్డాయి, మల్లిక పైదాన్ని తీసుకొని చదివింది.